పాతికేళ్ల పెళ్లిరోజుకు లక్నవరమా, కాళేశ్వరమా?

మా పెళ్లిరోజు మార్గశిరంలో వస్తుంది. ఈసారి పాతికేళ్లు నిండాయి కాబట్టి ఎక్కడికైనా వెళ్లాలని ఇద్దరం అనుకున్నాం. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే పేచీ వచ్చింది. మావారికి నీళ్ల ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. నాకేమో గుళ్లు, శిల్పాలు, కొత్త ఊళ్లు చూడాలి. ఉన్నచోటే కూర్చోవడానికి హనుమకొండలో మా ఇల్లు ఉంది కదా అన్నాను. "సెలవంటే పరుగులు పెట్టడం కాదు" అన్నారు ఆయన.

నేను మొదట అడిగింది కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. పెళ్లిరోజుకు అంతకంటే ఏం కావాలి? అయితే వరంగల్ నుంచి వందకు పైగా కిలోమీటర్లు. స్నానం, దర్శనం ముగించుకుని వచ్చేసరికి రోజంతా కారులోనే గడిచిపోతుంది. ఇక బొగత జలపాతానికి అసలైన అందం వానాకాలంలోనే. మార్గశిరానికి ధార సన్నబడుతుంది. అంతదూరం వెళ్లి అది చూసి రావడానికి నాకే మనసొప్పలేదు. మావారు మొదటినుంచీ లక్నవరం చెరువు అంటూనే ఉన్నారు.

ఏ చోటు అన్నది పక్కన పెట్టి, ఏ వేళకు ఏం కావాలో చూసుకుంటే చిక్కు విడిపోయింది. లక్నవరంలో పగలంతా జనం ఉంటారు. వేలాడే వంతెన మీద ఫొటోలు, పడవల దగ్గర వరుసలు, పిల్లల కేకలు. మావారు కోరుకునే ప్రశాంతత అక్కడ ఉదయం పూట, మళ్లీ సాయంత్రం వచ్చినవాళ్లు వెళ్లిపోయాకే దొరుకుతుంది. నాకు కావలసిన రామప్ప గుడి శిల్పాలను పగటి వెలుతురులోనే చూడాలి. రెండింటి మధ్య కారులో సుమారు గంట ప్రయాణం. చెరువు దగ్గర గది తీసుకుని, జనం వచ్చే వేళకు మేం రామప్పకు వెళ్లి, వాళ్లు వెళ్లే వేళకు తిరిగి వస్తే సరిపోతుంది. పెట్టె ఒక్కసారే విప్పుతాం. ఆ మాటకు ఆయన కరిగారు.

దీవి మీది గదులకు వెళ్లాలంటే కారు ఒడ్డునే ఆపి వంతెన మీదుగా నడవాలి. బరువైన పెట్టెలు, పట్టుచీరల మూటలు ఉంటే అవస్థే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గది అడిగేటప్పుడే ఒడ్డువైపు ఏమైనా ఉందేమో కనుక్కోవాలి. రాత్రి భోజనం ఎన్ని గంటల వరకు పెడతారో గదిలో దిగగానే అడగాలి. ఆలస్యమైతే చుట్టుపక్కల వెతుక్కోవడానికి ఊరు లేదు, అడవే. ఆదివారం మాత్రం వెళ్లవద్దు. మేం వారం మధ్యలో వెళ్లాం కాబట్టే సాయంత్రం ఒడ్డున మావారికి నచ్చిన కుర్చీ ఖాళీగా దొరికింది.

రామప్ప సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, శిఖరం నీటిలో తేలేంత తేలికైన ఇటుక. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీమూర్తులవి మాత్రం నల్లరాయి. అద్దంలా నునుపు తీసిన ఆ రాతి మీద నగల పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనికను గైడు చూపించినప్పుడు మావారు నాకంటే ఎక్కువసేపు తల ఎత్తి చూశారు. గైడును తప్పకుండా పెట్టుకోండి. లేకపోతే ఇలాంటివి కళ్లముందే ఉన్నా దాటిపోతాం. గుడి ముఖం తూర్పుకు ఉంది కాబట్టి ముందువైపు శిల్పాలకు ఉదయం వెలుతురే మంచిది.

గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. అక్కడే బస చేద్దామని ఒక దశలో అనుకున్నాం. శిల్పాలే ముఖ్యమైన దంపతులకు అదే మేలు, తెల్లవారగానే గుడికి వెళ్లవచ్చు. కానీ ఇద్దరిలో ఒకరికి నీళ్ల మధ్య దీవిలో ఉండాలని ఉంటే లక్నవరమే సరి.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ రెండు చోట్లూ ఉన్న ములుగు దారులన్నీ నిండిపోతాయి. మాఘంలో పెళ్లయిన దంపతులు చాలామందే ఉంటారు. వాళ్లు ఆ ఏడాది జాతర తేదీలు చూసుకున్నాకే గది తీసుకోవాలి. కాళేశ్వరం మాట నేను వదల్లేదు. వచ్చే కార్తీకంలో వెళ్దామని మావారు ఒప్పుకున్నారు, రాత్రి అక్కడే బస అన్న షరతు మీద.