నెలనెలా కొనే గ్యాస్ మాత్రతో జాగ్రత్త: కాల్షియం వేసుకుంటున్నా చేతులు కొంకర్లు పోతుంటే మెగ్నీషియం పరీక్ష చేయించండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లలో నెలవారీ సరుకులతో పాటు గ్యాస్ మాత్రల షీట్లు కూడా తెచ్చుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లవారి కోసమే ఇది రాస్తున్నాను. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఇలా పేరు చివర ‘ప్రజోల్’ అని ఉంటే అన్నీ ఒకే జాతి మందులు. కడుపులో ఆమ్లం తయారయ్యే చోటునే మూసేస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాల వాడకానికి ఇవి మంచి మందులే. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకుండా వాడితే ఏమవుతుందో మా మేనత్త విషయంలో కళ్లారా చూశాను.

అత్తయ్యకు అరవై దాటాయి. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకునేవారు. అందులో ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే మందు కూడా కలిసి ఉంది. మోకాళ్ల నొప్పులకు మాత్రలు రాసినప్పుడు, అవి కడుపును పాడుచేయకుండా ఉండేందుకు డాక్టరు పాంటోప్రజోల్ జతచేశారు. కొన్నాళ్లకు నొప్పి మాత్రలు ఆగిపోయాయి కానీ గ్యాస్ మాత్ర ఆగలేదు. మొదట పాత చీటీ చూపిస్తే దుకాణంలో ఇచ్చేవారు. చీటీ చిరిగిపోయాక ఖాళీ షీటు చూపిస్తే చాలు, ఇచ్చేవారు. అలా ఏళ్లు గడిచాయి.

తరవాత రాత్రిపూట పిక్కలు పట్టేయడం మొదలైంది. దుకాణంలో చెబితే, “వయసు కదమ్మా, ఎముకల్లో బలం తగ్గింది” అని కాల్షియం మాత్రలు ఇచ్చారు. నీరసంగా ఉందంటే ఐరన్ ఇచ్చారు. అరికాళ్లలో తిమ్మిర్లు అంటే బి కాంప్లెక్స్ ఇచ్చారు. బాధ చెప్పిన ప్రతిసారీ సంచిలోకి ఒక కొత్త షీటు చేరింది. “ఇవి కాక ఇంకేం వాడుతున్నారు, ఎన్నాళ్లుగా?” అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. నా ఫిర్యాదంతా అక్కడే. ఆ ప్రశ్న వేసి ఉంటే ఆ కొత్త షీట్లలో చాలావాటి అవసరమే ఉండేది కాదు.

పెదవుల చుట్టూ జివ్వుమనడం, గుండె దడ కూడా తోడయ్యాక అత్తయ్యను శ్రీకాకుళం తీసుకువెళ్లాం. అక్కడ డాక్టరు బీపీ చూస్తూ చేతి పట్టీలోని గాలిని వెంటనే వదలకుండా సుమారు మూడు నిమిషాలు బిగించి ఉంచారు. మేం చూస్తుండగానే అత్తయ్య మణికట్టు లోపలికి వంగి, వేళ్లు బిగుసుకుని ఒకదగ్గరికి చేరాయి. రక్తంలో కాల్షియం బాగా తగ్గితే చేయి ఇలా కొంకర్లు పోతుందని ఆయన చెప్పి, కాల్షియంతో పాటు పొటాషియం, మెగ్నీషియం కూడా చూడమని రాశారు. మూడూ తక్కువే వచ్చాయి. కాల్షియం 8.5కు పైన ఉండాల్సింది 6.6 ఉంది. పొటాషియం 3.5కు పైన ఉండాల్సింది 3.0 ఉంది. మెగ్నీషియం 1.7కు పైన ఉండాల్సింది 0.7 మాత్రమే ఉంది.

రోజూ కాల్షియం మాత్ర వేసుకునే మనిషికి కాల్షియం ఎందుకు తగ్గింది? దీనికి జవాబు మెగ్నీషియంలో ఉంది. రక్తంలో కాల్షియం పడిపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోన్ వదిలి, ఎముకల నుంచి, మూత్రపిండాల నుంచి కాల్షియాన్ని తిరిగి రక్తంలోకి రప్పిస్తాయి. మెగ్నీషియం మరీ తక్కువైతే ఆ గ్రంథులు హార్మోన్ సరిగా వదలలేవు. వదిలిన కాస్త హార్మోన్‌కూ ఎముకలు స్పందించవు. అప్పుడు కాల్షియం మాత్రలు మింగినా, సూది ద్వారా ఎక్కించినా, కాసేపు పెరిగి మళ్లీ జారిపోతుంది. పొటాషియం సంగతీ దాదాపు ఇదే. మెగ్నీషియం లేనిదే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. ముందు మెగ్నీషియం నింపితేనే మిగతా రెండూ నిలుస్తాయి.

ఇక మెగ్నీషియం ఎలా తగ్గిందంటే, ఈ ప్రజోల్ మందులు దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి పేగు తగినంత మెగ్నీషియాన్ని పీల్చుకోదు. అత్తయ్యకు బీపీ మాత్రలోని మందు వల్ల మూత్రంలోనూ కొంత పోతోంది. అంటే కుండలోకి వచ్చే ధార సన్నబడింది, అడుగున చిల్లి కూడా పడింది. అందరికీ ఇలా జరుగుతుందని నేను చెప్పడం లేదు. ఇంత తీవ్రంగా తగ్గడం అరుదే. కానీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 మార్చిలోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువ కేసులు ఏడాదికి మించి వాడినవారిలోనే కనిపించాయని, పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా సరిపోలేదని, గ్యాస్ మాత్ర ఆపితేనే కుదుటపడిందని అందులో ఉంది. అత్తయ్యకూ అంతే. మెగ్నీషియం సెలైన్‌లో ఎక్కించి, ప్రజోల్ ఆపించి, బీపీ మందు మార్చారు. కాల్షియం దానంతట అదే పైకి వచ్చింది. కొంకర్లు పోవడం, గుండె దడ తగ్గాయి.

అత్తయ్య మంచం దగ్గరికి చోడి అంబలి తెచ్చిన బంధువులు, “ఇందులో లేని మెగ్నీషియం మాత్రలో ఉంటుందా?” అన్నారు. చోళ్లలో మెగ్నీషియం ఉంది, నిజమే. అయితే పేగు తీసుకోలేకపోవడమే అసలు జబ్బు అయినప్పుడు ఎంత మంచి తిండి అయినా ఒక్కటే చాలదు. మెగ్నీషియం మాత్రలు కూడా మోతాదు పెరిగితే విరేచనాలు తెస్తాయి. విరేచనాలతో ఉన్న మెగ్నీషియం కూడా పోతుంది. కాబట్టి దుకాణంలో మరో షీటు కొని సర్దుకునే వ్యవహారం కాదిది.

ఆ పరీక్షల్లోనే ఇంకో సంగతి బయటపడింది. అత్తయ్యకు హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నా ఎర్ర కణాల సైజు మామూలుగానే ఉంది. దాన్ని చూసి లోపమేమీ లేదనుకోవడం పొరపాటు. ఐరన్ తగ్గితే ఎర్ర కణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గితే సగటు మామూలుగా కనిపించి రెండు లోపాలనూ దాచేస్తుంది. అందుకే డాక్టరు బి12, ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ విడివిడిగా చేయించారు. రెండూ తక్కువే.

ఈ రెండింటికీ కడుపులోని ఆమ్లంతో పని ఉంది. తిండిలోని బి12 మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. ఆమ్లం ఉంటేనే అది విడిపడి ఒంటికి పట్టే దారిలో పడుతుంది. కాలేయంలో దాని నిల్వ కొన్నేళ్లకు సరిపోతుంది కనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది, తిమ్మిర్లు మొదలయ్యేసరికి ఈ మాత్ర సంగతే ఎవరికీ గుర్తుండదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఆ మందు వల్ల కూడా బి12 తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిరిని షుగర్ ఖాతాలో వేసి ఊరుకోకుండా బి12 పరీక్ష చేయించుకోండి. మాత్రగా వేసుకునే బి12 ముందే విడిగా ఉంటుంది, దానికి ఆమ్లం అవసరం లేదు. కాబట్టి ఈ లోపాన్ని సరిదిద్దడం కష్టం కాదు, సకాలంలో కనిపెట్టడమే కావాలి. బి12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే మాత్రం ప్రమాదం. రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

పప్పులు, ఆకుకూరల్లో ఉండే ఐరన్ కరిగి పేగుకు అందడానికి ఆమ్లం కావాలి. ఐరన్ మాత్రల్లో ఎక్కువ రకాలదీ అదే పరిస్థితి. ఆమ్లం మూసేసి ఐరన్ మింగితే మాత్ర పనితనం తగ్గుతుంది. కాల్షియం మాత్రల్లోనూ తేడా ఉంది. చవకగా దొరికే కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, దాన్ని భోజనంతోనే వేసుకోవాలి. కాల్షియం సిట్రేట్‌కు ఆ ఇబ్బంది లేదు. అత్తయ్య కార్బొనేట్ మాత్రను పరగడుపున, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకునేవారు. అలా వేసుకోవద్దని ఇచ్చినవారు చెప్పలేదు.

ఇది చదివి మీ మాత్రను రేపే ఆపేయకండి. నెలల తరబడి అణిచిన ఆమ్లం మందు ఆపగానే ముందుకన్నా ఎక్కువగా ఊరుతుంది. కొన్ని వారాల పాటు ఛాతీలో మంట, పులితేన్పులు రావచ్చు. చాలామంది దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెడతారు. ఇళ్లలో ఈ మాత్ర ఆగకపోవడానికి ఇదీ ఒక కారణం. డాక్టరు సలహాతో మోతాదు సగం చేసి, తరవాత రోజు విడిచి రోజు వేసుకుని, మంట వచ్చిన పూట ఫామోటిడిన్ గానీ యాంటాసిడ్ గానీ వాడుతూ మానవచ్చు. అత్తయ్యలా మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోతే ఒక్కసారిగా ఆపించక తప్పదు, అది డాక్టరు కళ్లముందు జరగాలి. అల్సర్ నుంచి రక్తస్రావం అయినవారు, గుండె కోసం ఆస్పిరిన్ లాంటివి వాడుతూ రక్తస్రావం ముప్పు ఉన్నవారు, అన్నవాహిక బాగా పుండుపడినవారు, అన్నవాహిక లోపలి పొరలో బ్యారెట్స్ అనే మార్పు ఉన్నవారు దీన్ని ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. వాళ్లు మానకుండా, అప్పుడప్పుడు మెగ్నీషియం, బి12 చూపించుకోవాలి.

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు షీటు వెనక్కి తిప్పి చూడండి. చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక, ఎర్ర గీత కనిపిస్తాయి. పేరు పక్కన డోంపెరిడోన్ అని కూడా ఉంటే మరింత జాగ్రత్త. అది గుండె లయను చెదరగొట్టగల మందు, మెగ్నీషియం, పొటాషియం తగ్గినవారిలో ఆ ముప్పు పెరుగుతుంది. ఐరోపా ఔషధ సంస్థ 2014లో దాన్ని వాంతులు, వికారాలకే, మామూలుగా వారానికి మించకుండా వాడమని పరిమితం చేసింది. మన దగ్గర అదే మందు గ్యాస్ మాత్రలో కలిసి నెలల తరబడి ఇళ్లలోకి వస్తోంది.

మీరు గానీ మీ ఇంట్లో పెద్దలు గానీ ఏడాదికి పైగా ప్రజోల్ వాడుతూ, నీటి మందు కలిసిన బీపీ మాత్ర కూడా వేసుకుంటుంటే, వాడే షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. “ఇది మొదట ఎందుకు రాశారు, ఇప్పటికీ అవసరమా?” అని అడగండి. మెగ్నీషియం పరీక్ష మామూలు రక్తపరీక్షల ప్యాకేజీల్లో తరచుగా ఉండదు, దాన్ని పేరు పెట్టి అడిగి రాయించుకోవాలి.