మొదటి ఏడాది ఈఎంఐలో వడ్డీ ఎంత, అసలు ఎంత: ఏ లెక్క మేలు?

హోమ్ లోన్ తీసుకుని ఏడాది తిరిగాక మిగిలిన అప్పు చూసుకుంటే చాలామందికి గుండె గుభేలుమంటుంది. పన్నెండు వాయిదాలు కట్టినా అప్పు పెద్దగా తగ్గినట్టే ఉండదు. ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. ఒకే అప్పు మీద మూడూ వేసి చూద్దాం: 30 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెల వాయిదా 26,992 వస్తుంది.

మొదటిది నోటి లెక్క. 30 లక్షల మీద 9 శాతం అంటే ఏడాదికి 2,70,000 వడ్డీ. పన్నెండు వాయిదాల మొత్తం 3,23,904. అందులోంచి వడ్డీ తీసేస్తే అసలు కింద 53,904. కాగితం కూడా అక్కర్లేదు. కాకపోతే, ఏడాది పొడవునా అప్పు 30 లక్షల దగ్గరే ఉందని ఈ లెక్క అనుకుంటుంది. నిజానికి ప్రతి నెలా కొంచెం తగ్గుతుంది కదా.

ఆ తగ్గడాన్ని పట్టుకునేది రెండో దారి, నెలవారీ పట్టిక. 9 శాతాన్ని 12తో భాగిస్తే నెలకు నూటికి ముప్పావు. మొదటి నెల వడ్డీ 22,500, మిగతా 4,492 అసలుకు. అప్పు 29,95,508కి దిగింది. రెండో నెల వడ్డీ దాని మీదే, అంటే 22,466. అసలుకు 4,526. ఇలా పన్నెండు వరసలు రాస్తే చివరి నెలకు అసలు భాగం 4,877 దాకా పెరుగుతుంది. ఏడాది మొత్తం అసలు 56,184, వడ్డీ 2,67,720. కట్టిన ప్రతి వందలో దాదాపు 83 వడ్డీకే పోయాయి.

నోటి లెక్కకూ దీనికీ తేడా 2,280 మాత్రమే. ఇంతమాత్రానికి పట్టిక ఎందుకు అనిపిస్తుంది. అయితే అదే అప్పు పదేళ్లకు తీసుకుంటే వాయిదా 38,003 అవుతుంది, నోటి లెక్క తప్పు 7,869కి పెరుగుతుంది. అసలు ఎంత వేగంగా తీరితే ఆ లెక్క అంత పక్కకు పోతుంది.

మూడోది సూత్రం. పట్టికలో అసలు వరస జాగ్రత్తగా చూడండి: ప్రతి నెలా ముందు నెల కంటే సరిగ్గా ముప్పావు శాతం పెరుగుతోంది. తీర్చేసిన సొమ్ము మీద వడ్డీ ఆగిపోతుంది, ఆగినదంతా అసలు వైపు చేరుతుంది. కాబట్టి మొదటి నెల అసలు తెలిస్తే చాలు, మిగతా పదకొండు నెలలు దాన్లోనే ఉన్నాయి. నెలకు ముప్పావు శాతం చొప్పున పెరిగే పన్నెండు నెలల అసలు కలిపితే మొదటి నెల అసలుకు 12.5076 రెట్లు అవుతుంది, కాబట్టి 9 శాతం వడ్డీకి ఆ 4,492ని 12.5076తో గుణిస్తే 56,184 వచ్చేస్తుంది. అప్పు ఎంతైనా, ఎన్నేళ్లదైనా గుణకం ఇదే. వడ్డీ రేటు మారితేనే మారుతుంది. ఎక్సెల్ వాడేవారికి ఇది తయారుగానే ఉంది:

```
=CUMIPMT(0.09/12, 240, 3000000, 1, 12, 0)
=CUMPRINC(0.09/12, 240, 3000000, 1, 12, 0)
```

మొదటిది వడ్డీ, రెండోది అసలు. జవాబు మైనస్ గుర్తుతో వస్తుంది, కంగారు పడొద్దు. అసలు 56,181 అని చూపిస్తుంది. మనం వాయిదాలో పైసలు సరిచేసినందుకే ఆ మూడు తేడా. ఎక్కువమంది తప్పు చేసేది రేటు దగ్గర. 12తో భాగించకుండా 0.09 అని ఇచ్చేస్తే నెలకు 9 శాతం అనుకుని ఏడాది వడ్డీ 30 లక్షలు దాటేస్తుంది. అలాంటి అంకె కనిపిస్తే చూడాల్సింది అక్కడే.

మరి ఏది మేలు? అప్పు తీసుకోకముందు రెండు మూడు ఆఫర్లు పోల్చుకోవడానికైతే నేను సూత్రానికే ఓటేస్తాను. అప్పు నడుస్తున్నప్పుడు మాత్రం పట్టికే. ఆరో వాయిదాతో పాటు లక్ష అదనంగా కట్టారనుకోండి. మిగతా ఆరు నెలల్లో వడ్డీ 4,585 తగ్గి, అంత మేర అసలులో కలుస్తుంది. సూత్రానికి ఈ సంగతి తెలియదు, పట్టికలో ఒక్క గడి మారిస్తే చాలు. మధ్యలో వడ్డీ రేటు మారినా అంతే.

పట్టిక కూడా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో అణా పైసలతో కలవకపోవచ్చు. కొన్ని బ్యాంకులు రోజుల లెక్కన వడ్డీ వేస్తాయి. అప్పుడు 30 లక్షల మీద 31 రోజుల నెలకు 22,932, 28 రోజుల నెలకు 20,712 పడుతుంది. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలనెలా నెమ్మదిగా దిగకుండా ఎగుడుదిగుడుగా ఉంటే కారణం చాలావరకు ఇదే. ఇంకొకటి, ఏడాది అంటే ఏ ఏడాదో చూసుకోండి. ఆర్థిక సంవత్సరం మధ్యలో అప్పు మొదలైతే ఆ సంవత్సరానికి బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో ఆరేడు వాయిదాలే ఉంటాయి. ఏడు వాయిదాలైతే ఎక్సెల్ సూత్రంలో 1, 12 బదులు 1, 7 అని ఇవ్వాలి.