ఒక్క రూపాయి నోట్ల సెట్టు కొనేవాళ్లకి హెచ్చరిక: ఫొటోలు నావి, అమ్మేవాడు నేను కాదు

పాత నోట్లు ఆన్‌లైన్‌లో కొనే మిత్రులందరికీ. "మన్మోహన్ సింగ్ సంతకం ఉన్న ఒక్క రూపాయి నోటుతో సహా ఎనిమిది నోట్ల సెట్టు, వైజాగ్ నుంచి, తొమ్మిది వందలే" అని ఒక ప్రకటన తిరుగుతోంది. నీలం గళ్ల గుడ్డ మీద నోట్లు వరసగా పరిచి ఉంటాయి. ఆ గుడ్డ మా ఇంట్లోది, నోట్లు నావి, ఫొటో తీసింది మా కోడలు. అమ్ముతున్నవాడెవడో మాత్రం నాకు తెలీదు. గాజువాక కుర్రాడొకడు ఇప్పటికే వాడికి ఐదు వేలు సమర్పించుకున్నాడు. దయచేసి ఇంకెవరూ పంపకండి.

నేను బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్లోనే. ఒక్క రూపాయి నోట్లు దాచడం అక్కడే అలవాటైంది. ఈ నోటు సంగతి చాలామందికి తెలీదు. మిగతా నోట్ల మీద రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంతకం ఉంటుంది. దీని మీద ఉండదు. ఇది భారత ప్రభుత్వం విడుదల చేసే నోటు, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. అందుకే మన్మోహన్ సింగ్ ప్రధాని కాకముందు, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ కూడా కాకముందు, ఆ శాఖలో కార్యదర్శిగా ఉన్నప్పుడు చేసిన సంతకం ఈ చిన్న నోటు మీద దొరుకుతుంది. తర్వాతి ఏళ్లలో అదే పదవిలో ఉన్న వెంకిటరమణన్, మాంటెక్ సింగ్ అహ్లూవాలియా లాంటి వాళ్ల సంతకాలూ వచ్చాయి. 1994లో ముద్రణ ఆపేశారు, మళ్లీ 2015లో మొదలుపెట్టారు. కౌంటర్లోకి కొత్త సంతకం వచ్చినప్పుడల్లా జేబులోంచి రూపాయి వేసి ఒక మంచి నోటు తీసి పక్కన పెట్టుకునేవాణ్ణి.

ఇన్నాళ్లూ బీరువాలో ఉన్నాయి. సముద్రం గాలికి మా ఎంవీపీ కాలనీలో ఇనుప గ్రిల్లే ఆగదు, కాగితం ఎంత? ప్లాస్టిక్ ఆల్బంలో పెట్టిన కొన్ని నోట్లు కవరుకి అంటుకోవడం మొదలెట్టాయి. పిల్లలకి వీటి మీద ఆసక్తి లేదు. ఉన్నవాళ్ల చేతికి వెళ్తే మంచిదని అమ్మకానికి పెడదామనుకున్నాను. మా కోడలు నేర్పింది. కవర్లోంచి తీయకుండా ఫొటో తీస్తే మెరుపు తప్ప నోటు కనబడదంది. ఫ్లాష్ ఆపేసి, బాల్కనీ నీడలో, గుడ్డ మీద పరిచి తీయించింది. ముందు వైపు, వెనక వైపు, అంచులు దగ్గరగా. నంబర్లు స్పష్టంగా కనబడేలా పెట్టమని కొనేవాళ్లే అడుగుతారు కాబట్టి అలాగే పెట్టాం. సెట్టుకి పద్దెనిమిది వందలు రాశాను. రెండో మూడో ఫోన్లు వచ్చాయి, బేరాలాడారు, అక్కడితో సరి.

తర్వాత ఒక సాయంత్రం ఆ కుర్రాడి మెసేజ్. "ఏటి మాస్టారూ, పెద్దవారు, డబ్బులు తీసుకుని ఫోన్ ఎత్తరేటి?" నాకు అర్థం కాలేదు. "బాబూ, నువ్వు నాకెప్పుడు పంపావు?" అంటే స్క్రీన్‌షాట్లు పెట్టాడు. నోట్ల ఫొటోతో గూగుల్ లెన్స్‌లో వెతికితే నా ప్రకటన దొరికిందట, ఆ మనిషీ నేనూ ఒకటేననుకున్నాడు. అతని కోపంలో తప్పేం లేదు. ఎనిమిది నోట్లూ, నంబర్లూ, గుడ్డ మీద మడత కూడా అవే మరి.

స్క్రీన్‌షాట్లన్నీ పక్కపక్కన పెట్టుకుని, సాయంత్రం క్యాష్ టాలీ చేసినట్టు ఇద్దరం కూర్చుని చూశాం. మొదట తొమ్మిది వందలు. నా ధరలో సరిగ్గా సగం. అడిగిన వెంటనే "మీకోసం హోల్డ్ చేశాను, ఇంకొకరు రెడీగా ఉన్నారు" అని తొందర. డబ్బు పడ్డాక "పార్సిల్‌కి ఇన్సూరెన్స్ తప్పనిసరి, డెలివరీ కాగానే తిరిగి ఇచ్చేస్తారు" అని పదిహేను వందలు. అక్కడే లెక్క చెడింది చూడండి: తొమ్మిది వందల సరుకుకి పదిహేను వందల ఇన్సూరెన్స్! అదీ కట్టాక, పాత కరెన్సీ పంపాలంటే రిజర్వ్ బ్యాంక్ సర్టిఫికెట్ కావాలని రెండు వేల ఆరు వందలు. ముద్రలు, సింహాల బొమ్మ, కింద ఎవరిదో సంతకం ఉన్న కాగితం ఒకటి పీడీఎఫ్‌లో పంపాడు. నాలుగోసారి జీఎస్టీ అంటూ నాలుగు వేలు అడిగేసరికి కుర్రాడికి అనుమానమొచ్చి ఆపేశాడు.

ఆ సర్టిఫికెట్ చూసి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. రూపాయి నోటు రిజర్వ్ బ్యాంకుది కానే కాదని పైన చెప్పాను కదా. ఆ సంగతి పక్కన పెట్టినా, పాత నోట్ల, నాణేల కొనుగోలు అమ్మకాల్లో తాము తలదూర్చమనీ, వాటి మీద చార్జీలు గానీ కమిషన్ గానీ ఎప్పుడూ అడగమనీ, తమ తరఫున వసూలు చేయడానికి ఏ సంస్థకీ వ్యక్తికీ అధికారం ఇవ్వలేదనీ 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. కాబట్టి "ఆర్‌బీఐ చార్జీ" అనే మాట ఎవరి నోట వచ్చినా ఫోన్ పెట్టేయొచ్చు. ఇది అమ్మేవాళ్లకీ వర్తిస్తుంది. నాకూ అలాంటి ఫోనే వచ్చింది. చివర 786 ఉన్న నోటుంటే లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని. లక్షలిచ్చేవాడు ఆ ఫీజేదో అందులోనే మినహాయించుకోవచ్చు కదా అన్నాను, లైన్ కట్.

కుర్రాడి పేమెంట్లలో ఇంకొకటి కనబడింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు, పిన్ కొట్టే ముందు, డబ్బు వెళ్లే ఖాతాదారు పేరు తెర మీద పడుతుంది. ప్రకటనలో పెద్దాయన పేరు. చాట్‌లో "రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగిని" అని నా వివరాలే. స్కాన్‌లో వచ్చింది ఇంకో రాష్ట్రం వాళ్లదిలా ఉన్న ఆడపేరు. రెండో పేమెంటుకి ఇంకో పేరు. అడిగితే "మా అకౌంటెంట్ ఖాతా" అన్నాడట. ఎనిమిది రూపాయి నోట్లు అమ్ముకునే రిటైర్డ్ క్లర్కుకి అకౌంటెంటేమిటి?

ఫొటో చూసి నమ్మకండి అని ఊరికే చెప్తే సరిపోదు, ఎలా పరీక్షించాలో చెప్పాలి. చీటీ మీద మీ పేరు, తేదీ రాసి నోటు పక్కన పెట్టి ఫొటో పంపమనడం చాలామంది చేస్తున్నారు. ఆ చీటీని ఫోన్లోనే అతికించేయడం ఇప్పుడు పిల్లల పని. వీడియో కాల్ అడగండి. కాల్‌లో కూడా నోటు చూపిస్తే చాలదు, మీరు చెప్పినట్టు కదపమనండి. ఎడమ చేత్తో పట్టుకుని వెలుతురుకి ఎదురుగా ఎత్తితే ఖాళీ జాగాలో సింహాల వాటర్‌మార్క్ తేలాలి. తర్వాత నోటు తిప్పమనండి. తర్వాత పిన్ను రంధ్రాలు చూపించమనండి.

ఈ రంధ్రాల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఏ దొంగా పట్టించుకోడు. మా రోజుల్లో నోట్ల కట్టలకి స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లం. ఆ పిన్నులు పీకలేక వేళ్లు చీరుకోని క్యాషియర్ ఉండడు. 2001లో రిజర్వ్ బ్యాంక్ పిన్నులు కొట్టడం మానేసి కాగితం బ్యాండు వేయమంది. అంచేత 1994కి ముందు నోటు, ఒక్కసారి కూడా చేతులు మారనిదైనా, దాని మీద పిన్ను రంధ్రాలు ఉండటం మామూలే. కొత్తగా సేకరించేవాళ్లు చిల్లు చూసి వద్దంటారు, అది లోపం కాదు. ఏ రెండు నోట్లకీ రంధ్రాలు అచ్చం ఒకే చోట, ఒకే తీరుగా ఉండవు. ఒకదానికి రెండు పక్కపక్కనే, ఇంకొకదానికి కాస్త చిరిగి సాగి. నంబరుతో పాటు ఇదీ నోటుకి గుర్తే. నా మన్మోహన్ నోటుకి మూడు రంధ్రాలు, మధ్యది తుప్పు మరకతో. ఫొటోని పెద్దది చేసి చూస్తే చుక్కలా కనబడుతుంది. కానీ వెలుతురుకి ఎత్తితే అందులోంచి కాంతి రావాలి. అది నోటు చేతిలో ఉన్నవాడే చూపించగలడు.

కాల్‌లో చూసిన నంబర్లు రాసుకుని, "ఈ నంబర్ల నోట్లే పంపుతున్నాను" అని చాట్‌లో రాయించుకోండి. దొంగ ఖాతా కాకపోయినా ఇది పనికొస్తుంది. మంచి నోటు చూపించి నలిగిన నోటు పంపేవాళ్లూ ఉన్నారు. కొందరు మడతపడ్డ నోటుని తడిపి ఇస్త్రీ చేసి కొత్తదని అమ్ముతారు. చదునుగా పెడితే తెలీదు. చీకటి గదిలో టార్చి లైటు నోటు పక్కనుంచి, బల్లకి ఆనించి వేస్తే పాత మడత సన్నటి గీతలా లేస్తుంది. మూలలు కూడా చూడండి. ఎంత ఇస్త్రీ చేసినా మొద్దుబారిన మూల మళ్లీ పదునెక్కదు.

కుర్రాడి చేత 1930కి ఫోన్ చేయించి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించాను. ప్రతి పేమెంటుకీ పన్నెండంకెల లావాదేవీ నంబరు ఉంటుంది, ఫిర్యాదులో అదే ముఖ్యం, స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. ఎంత తొందరగా చెప్తే అంత మేలు. డబ్బు ఆ ఖాతాలో ఇంకా ఉంటే కదలకుండా ఆపే వీలుంటుంది. ఇంకో ఖాతాకి తోలేశాక వెంటపడటం కష్టం. ఇతను మొదటి రెండు రోజులూ నామీద కోపంతో గడిపేశాడు పాపం. ఇంతవరకూ డబ్బు తిరిగి రాలేదు.

నా ప్రకటన తీసేసి కొత్త ఫొటోలతో మళ్లీ పెట్టాను. ప్రతి నోటు మీదా చివరి మూడు అంకెలు కాగితం ముక్కతో కప్పి ఉంటాయి. అడిగినవాళ్లకి కాల్‌లో ఆ ముక్క తీసి చూపిస్తాను. వైజాగ్ వాళ్లయితే ఇంటికొచ్చి చూసుకుని తీసుకెళ్లొచ్చు, అడ్వాన్స్ అక్కర్లేదు. నీలం గళ్ల గుడ్డ ఫొటో నేనిక వాడటం లేదు. దాన్ని నేను రిపోర్ట్ చేస్తే ఒక ఖాతా పోయింది, వేరే పేరుతో ఇంకొకటి లేచింది, ఈసారి ఊరు విజయవాడ అని ఉంది. ఆ ఫొటో మీకెక్కడ కనబడినా, ఏ పేరుతో ఉన్నా, డబ్బు పంపకుండా రిపోర్ట్ కొట్టండి.