పేజీ వైపు నుంచా, స్టీరింగ్ వైపు నుంచా?

సిగ్నల్, బోర్డు లేని నాలుగు రోడ్ల కూడలి బొమ్మ. వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి, కుడి నుంచి వచ్చేవారికి దారివ్వాలి. బస్సు పైనుంచి కిందికి, కారు పేజీ ఎడమ అంచు నుంచి కుడికి, రెండూ నేరుగా పోతున్నాయి. ఏది ముందు వెళ్లాలన్నదే ప్రశ్న.

పేజీని చూసినట్టే చదివితే కారు ఎడమన ఉంది కాబట్టి బస్సే ముందనిపిస్తుంది. అది తప్పు. కింది నుంచి పైకి వచ్చే వాహనానికి మాత్రమే పేజీ కుడి, తన కుడి ఒకటవుతాయి.

డ్రైవర్ సీట్లో కూర్చున్నట్టు చదవడమే నాకు నమ్మకం. బస్సు ముందుభాగం పైకి వచ్చేలా కాగితం తిప్పండి. ఇప్పుడు కారు బస్సుకు కుడివైపే ఉంది. కారు ముందు, బస్సు తర్వాత.

అయితే వేలితో బాణాలు గీసి చూశాకే నిబంధన జోలికి వెళ్లండి. కారు బాణం కారుకు ఎడమవైపు తిరిగి ఉంటే వాటి దారులు అసలు కలవవు, ఎవరూ ఆగక్కర్లేదు.