సెకండరీ యాక్సిస్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఎక్సెల్ కాంబో చార్ట్‌లో నాకు నచ్చినది ఒక్కటే: ఒకే స్లైడ్‌లో అమ్మకాలు, మార్జిన్ రెండూ పట్టేస్తాయి. ఇప్పుడు ఆ సౌకర్యం మీదే నాకు కోపం.

కారణం ఆటో స్కేలు: యాక్సిస్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఎక్సెల్ తనే నిర్ణయిస్తుంది. జనవరి నుంచి జూన్ వరకు అమ్మకాలు 36 లక్షల నుంచి 45 లక్షలకు పెరిగాయనుకోండి. మార్జిన్ 22 శాతం నుంచి 19.8కి తగ్గింది. అమ్మకాల నిలువు కడ్డీలు ఎడమ యాక్సిస్ మీద సున్నా నుంచి 50 దాకా కూర్చుంటాయి. మార్జిన్ గీతకు వాడే కుడి యాక్సిస్, అంటే సెకండరీ యాక్సిస్ మాత్రం సుమారు 18.5 దగ్గర మొదలై 22.5తో ఆగుతుంది. అమ్మకాల్లో 25 శాతం పెరుగుదల చార్ట్ ఎత్తులో ఐదో వంతు కూడా ఆక్రమించదు. మార్జిన్‌లో పదో వంతు తగ్గుదల సగానికి మించి కిందికి జారుతుంది. గీత కడ్డీల్లోకి దిగిన నెలలో ఏదో జరిగిందని చూసేవాళ్లు అడుగుతారు. అక్కడ ఏమీ జరగలేదు, రెండు స్కేళ్లు అలా కలిశాయి అంతే.

అసలు దెబ్బ జులైలో తగులుతుంది. అమ్మకాలు 46 లక్షలు, మార్జిన్ 18 శాతం. డేటాలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా గరిష్ఠంలో ఆరో వంతు దాటితే ఎక్సెల్ తనంతట తానే యాక్సిస్‌ని సున్నా నుంచి మొదలుపెడుతుంది. 22కీ 18కీ తేడా 4, అంటే ఆరో వంతు దాటింది. కుడి యాక్సిస్ సున్నా నుంచి 25కి మారిపోతుంది. మార్జిన్ మరింత పడిన నెలలోనే గీత దాదాపు చదునుగా కనిపిస్తుంది. కనిష్ఠం, గరిష్ఠం చేత్తో కట్టేస్తే ఈ గెంతు ఆగుతుంది గానీ, ఆ అంకెలు ఎంచుకునేది మళ్లీ మనమే.

ఈ జంటకు అన్నిటికన్నా శుభ్రమైన దారి, మార్జిన్‌ని కూడా లక్షల్లోకి మార్చడం. జనవరి లాభం 7.92, జూన్‌ది 8.91, జులైది 8.28. ప్రతి అమ్మకాల కడ్డీలో అడుగున లాభం, పైన ఖర్చు పేర్చి, మార్జిన్ శాతాన్ని కడ్డీ మీద అంకెగా రాస్తే ఒక్క యాక్సిస్ చాలు. జూన్ దాకా లాభం పెరిగిందని, జులైలో తగ్గిందని అప్పుడే కనబడుతుంది. పాత చార్ట్‌లో ఈ సంగతి దాగిపోయింది.

అలా మార్చలేని జంటలకు ఒకదాని కింద ఒకటి రెండు చార్టులు పెట్టాలి. మొదటి చార్ట్‌ని కాపీ చేసి డేటా మాత్రం మార్చండి, ప్లాట్ ఏరియా వెడల్పు చేత్తో సమం చేయండి. లేకపోతే ఎడమ అంకెల పొడవులో తేడా వల్ల పై చార్ట్‌లో మార్చి నెల, కింది చార్ట్‌లో మార్చి నెల ఒకే నిలువులో పడవు. నెలల పేర్లు కింది చార్ట్‌కే ఉంచండి. లేదంటే `=B2/B$2*100` సూత్రంతో రెండు డేటా వరుసలనూ 100 నుంచి మొదలుపెట్టి ఒకే యాక్సిస్ మీద గీయొచ్చు, కానీ మొదటి నెల పండగ సీజన్ అయితే ఆ తర్వాతవన్నీ పడిపోయినట్టే ఉంటాయి.

సెల్సియస్, ఫారెన్‌హీట్ లాగా ఒకే కొలతకు రెండు యూనిట్లయితే రెండో యాక్సిస్‌తో నాకు పేచీ లేదు. నావి నెలవారీ రివ్యూ స్లైడ్లు, ఒక్కోదాన్ని అర నిమిషం చూస్తారు. తీరిగ్గా చదివే రిపోర్టులు చేసేవాళ్లకు ఇంత చిరాకు రాకపోవచ్చు.