సిరోంచ నుంచి గడ్చిరోలికి: ఆఫీసు మూసేలోపు చేరాలంటే

మా మేనకోడలి కులం సరైనదేనని తేల్చే క్యాస్ట్ వ్యాలిడిటీ కాగితాల కోసం, మహారాష్ట్ర సర్కారు నడిపే ఎస్టీ బస్సులో గడ్చిరోలి వెళ్లొచ్చాం. ఒకే జిల్లా అని పేరే గానీ, సిరోంచ నుంచి జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైనే. అందులో ఆలాపల్లి దాకా ఉన్న సగం దారే ప్రయాణాన్నంతా తినేస్తుంది. జిమ్మలగట్ట, రేపన్‌పల్లి దాటేవరకు రోడ్డు బాగున్న చోట బస్సు పరుగెడుతుంది, చెడిన చోట నడుస్తుంది. వానల్లో ఆ దారికి టైమ్ చెప్పడం ఎవరి తరమూ కాదు.

మహారాష్ట్రలో 2020 ఫిబ్రవరి 29 నుంచి సర్కారు ఆఫీసులకు వారానికి ఐదు రోజులే పని. పొద్దున 9.45 నుంచి సాయంత్రం 6.15 దాకా తెరిచి ఉంటాయి. ఒంటిగంట, రెండింటి మధ్య అరగంట భోజనం. ఇక్కడే లెక్క వేసుకోవాలి. సిరోంచలో తెల్లవారి బస్సెక్కితే, ఆలాపల్లిలో మారి, ఆష్టి, చామోర్షి మీదుగా గడ్చిరోలి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. సరిగ్గా భోజనాల వేళ! కాగితాల్లో ఒక్క జిరాక్స్ తక్కువైనా పని మర్నాటికి పోతుంది. అది శుక్రవారమైతే మళ్లీ సోమవారమే.

అందుకే మేము ముందురోజు సాయంత్రమే ఆలాపల్లి చేరి లాడ్జిలో పడుకున్నాం. గది మామూలుదే, దోమలు ఎక్కువ, రాత్రి తిండికి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా కష్టమైన సగం దారి అయిపోయిందన్న నిశ్చింత ఆ గది అద్దెకు సరిపోయింది. పొద్దున తొలి బస్సుకి బయల్దేరితే ఆఫీసులో జనం పెరగకముందే సర్కారు ఆఫీసులుండే కాంప్లెక్స్‌లో ఉన్నాం. బస్సు ఊళ్లోకి రాగానే కాంప్లెక్స్‌కి ఎక్కడ దిగితే దగ్గరో కండక్టర్‌ని అడిగేయండి, స్టాండు దాకా వెళ్లి మళ్లీ ఆటో వెతుక్కునే పని తప్పుతుంది.

లోపలికి వెళ్లాక తిన్నగా సాహెబ్ గది దగ్గర నిలబడొద్దు. ముందు వచ్చే కాగితాలు తీసుకునే ఆవక్ టేబుల్‌లో అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ కాపీ చేతిలో ఉంటే మళ్లీ వచ్చినప్పుడు ఫైలు వెతకడం సులువు. అమ్మాయికి భాష తడబడింది. "మామయ్యా, మరాఠీలో నువ్వే చెప్పు" అంది. టేబుల్ దగ్గరున్న బంట్రోతు మా యాస విని తెలుగులోనే బదులిచ్చాడు.

మంచిర్యాల మీదుగా రైల్లో బల్లార్షా వెళ్లి, అక్కడి నుంచి చంద్రాపూర్ దారిన రావచ్చని కొందరు చెబుతారు. రాత్రి రైలు దొరికితే పరవాలేదు. కానీ 2023 నుంచి ఎస్టీలో ఆడవాళ్లకు ఉన్న సగం టికెట్ మహారాష్ట్ర లోపలే చెల్లుతుంది, తెలంగాణ ఉచిత బస్సేమో ఆ రాష్ట్రం వాళ్లకే. అటు వెళ్తే తెలంగాణ బస్సులో అమ్మాయికి పూర్తి ఛార్జీ కట్టాల్సిందే. ఇక తిరుగు ప్రయాణానికి ఆఫీసు మూసేదాకా ఆగకుండా, పని కాగానే ఆలాపల్లి బస్సు ఏది ముందు వస్తే అది ఎక్కేయండి. ఆలాపల్లిలో సిరోంచ బస్సు దొరక్కపోతే అక్కడే మరో రాత్రి ఉండడానికి డబ్బులు దగ్గర పెట్టుకోండి.