పర్లాకిమిడిలో ఏ టవర్ మేలు: బ్యాండ్ 5, బ్యాండ్ 40

ఫోన్‌లోని సిగ్నల్ గీతలు చూసి టవర్‌ను అంచనా వేయకండి. శాంసంగ్‌లో `*#0011#`, ఐఫోన్‌లో `*3001#12345#*` డయల్ చేస్తే అసలు అంకెలు కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో ఈ తెర తెరుచుకోదు. వైఫై ఆపి, సిగ్నల్ బలం చెప్పే RSRP, గోల మధ్య సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే SINR (కొన్నిచోట్ల SNR), టవర్ ఏ ఫ్రీక్వెన్సీ వాడుతోందో చెప్పే బ్యాండ్ చూడండి.

పర్లాకిమిడిలో ఒక ఇంటి వరండాలో బ్యాండ్ 5 (850 మెగాహెర్ట్జ్) RSRP −92, SINR 1 చూపిస్తోందనుకుందాం. బ్యాండ్ 40 (2300) మాత్రం −106, SINR 14. బలంలో మొదటిది 14 డెసిబెల్స్ ఎక్కువ, అంటే సుమారు 25 రెట్లు. అయినా వీడియో రెండోదానిలోనే సాఫీగా నడవొచ్చు. 850 దూరం పోతుంది కాబట్టి పాతపట్నం వైపు టవర్ల సిగ్నల్ కూడా వచ్చి కలబడుతుంది, SINR పడిపోతుంది. పైగా డేటా వెళ్లే దారి వెడల్పు బ్యాండ్ 5లో సాధారణంగా 5 లేదా 10 మెగాహెర్ట్జ్, బ్యాండ్ 40ది తరచూ 20.

అయితే లోపలి గదిలోకి వెళ్తే 2300 గోడలకు త్వరగా లొంగిపోతుంది. RSRP −115 కంటే కిందికి పడితే ముందు దెబ్బతినేది అప్‌లోడే: అవతలివాళ్ల మాట వినిపిస్తుంది, మీది తెగుతుంది. కాల్స్‌కు అక్కడ బ్యాండ్ 5 నయం.

ఒకే చోట నిమిషంపాటు చూడండి. అంకె నాలుగైదు డెసిబెల్స్ ఊగడం మామూలే.